ఎక్సెల్ పాఠంలో మూలన మన ముఖం: ఉంచాలా, తీసేయాలా?

చెరువు లెక్కలు (భీమవరం)

రొయ్యల చెరువుల మేత లెక్కలు ఎక్సెల్‌లో ఎలా రాసుకోవాలో వీడియోలు చేస్తున్నాను. కింద కుడి మూల చిన్న పెట్టెలో నా ముఖం ఉంటుంది. "అంకెలు కనబడట్లేదండీ" అని రోజూ కామెంట్లు. ముఖం తీసేయాలా, సైజు తగ్గించాలా, లేక స్క్రీన్ సగం, నేను సగం పెట్టాలా?

అమలాపురం మాస్టారు

తీయొద్దు బాబూ. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్నాను. ఫార్ములా తప్పొస్తే పిల్లలు ముందు నా మొహమే చూస్తారు, ఆ తర్వాతే స్క్రీన్. గొంతు ఒక్కటే వినిపిస్తే రికార్డు వేసినట్టుంటుంది. సగం సగం పెట్టేయండి, రెండూ పెద్దగా కనబడతాయి.

లంక గాలి (రాజోలు)

నాదీ ఇదే సమస్య అన్నా. నేను పాటలకి రియాక్షన్ వీడియోలు చేస్తాను. పాటని పెద్దగా పెడితే క్లెయిమ్ పడుతోంది, చిన్న పెట్టెలో పెడితే పడదంటున్నారు. ఎంత చిన్నగా పెట్టాలి?

తణుకు టైమ్‌లైన్

లంక గాలి తమ్ముడూ, నువ్వడిగేది వేరే సంగతి. పెట్టె సైజుని నమ్ముకోకు. పాట వినబడితే చాలు, యూట్యూబ్ కంటెంట్ ఐడీ సౌండ్‌తోనే పట్టేస్తుంది. దానికి వేరే థ్రెడ్ తెరువు, అక్కడ మాట్లాడుకుందాం.

మాస్టారూ, ముఖం ఉండాలన్నదానికి నేను అడ్డు చెప్పను. సగం సగం దగ్గరే నాకు పేచీ. వీడియో వెడల్పు 1920 పిక్సెళ్లు. అందులో సగం 960. అడ్డంగా ఉన్న ఎక్సెల్ స్క్రీన్‌ని మొత్తం అందులో పట్టించాలంటే 960 బై 540కి కుదించాలి. పైనా కిందా నల్లపట్టీలు మిగులుతాయి, అక్షరం సరిగ్గా సగానికి పడిపోతుంది. కుదించకుండా కోసేస్తే సగం కాలమ్స్ పోతాయి. ఊడ్పు యంత్రంతో ఒక పక్క, కూలీలతో ఒక పక్క చూపించే పోలిక వీడియోకి సగం సగం బాగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ చదవాల్సిందేమీ లేదు. ఇక్కడ చదవాలి.

చెరువు లెక్కలు గారూ, మీ కొత్త వీడియో ఫోన్‌లో పెట్టి స్కేలుతో కొలిచాను (ఇంట్లో నవ్వారు, అది వేరే సంగతి). ఎక్సెల్‌లో మామూలు వరుస ఎత్తు 20 పిక్సెళ్లు. అడ్డంగా తిప్పిన నా ఫోన్‌లో 1080 పిక్సెళ్ల వీడియో ఎత్తు దాదాపు 6.8 సెంటీమీటర్లు. అంటే ఒక్కో వరుస ఒకటింపావు మిల్లీమీటరు. నిలువుగా పట్టుకుంటే ముప్పాతిక కూడా లేదు. మీ ముఖం తీసేసినా అంకె ఒక్క పిక్సెల్ పెరగదు. మీ కామెంట్లకి అసలు కారణం అది.

ముఖం తప్పు కూడా ఒకటుంది. మేత బస్తాల కాలమ్ సెలెక్ట్ చేసి "చూశారా, మొత్తం కింద వచ్చేసింది" అన్నారు. సెలెక్ట్ చేసిన సెల్స్ మొత్తాన్ని ఎక్సెల్ చూపించేది కింద కుడి చివరి పట్టీలో. ఆ మొత్తం మీ చొక్కా వెనకాల ఉంది.

నేనైతే ఇలా చేస్తాను. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో Scale 150% పెడతాను. ఎక్సెల్ జూమ్ ఒక్కటే పెంచితే సెల్స్ పెరుగుతాయి కానీ పైన ఫార్ములా పట్టీ అలాగే చీమల బారులా ఉంటుంది. మీరు నేర్పేది ఫార్ములాలే కదా. Scale పెంచితే మెనూలు, ఫార్ములా పట్టీ అన్నీ పెరుగుతాయి. దాని మీద ఎక్సెల్ జూమ్ 130% చేస్తే వరుస దాదాపు రెండింతలవుతుంది.

తర్వాత ఎక్సెల్ విండోని ఫుల్‌గా తెరవకండి. కుడి అంచు పట్టుకుని లోపలికి లాగి 1440 పిక్సెళ్ల దగ్గర ఆపండి. కుడి పక్కన 480 పిక్సెళ్ల పట్టీ ఖాళీగా మిగులుతుంది, మీ ముఖం అందులో కూర్చుంటుంది. రికార్డయిన బొమ్మని ఎడిటింగ్‌లో కుదించడం వేరు, రికార్డుకి ముందే విండోని సన్నబరచడం వేరు. మొదటిదాంట్లో అక్షరం చిక్కిపోతుంది, రెండోదాంట్లో కాలమ్స్ తగ్గుతాయి కానీ అక్షరం అలాగే ఉంటుంది. పైన రిబ్బన్ చోటు తింటుంటే Ctrl+F1 నొక్కితే ముడుచుకుంటుంది. ముఖం పట్టీలో పై సగానికి చాలు. కింద మిగిలిన చోట ఆ నిమిషంలో రాస్తున్న ఫార్ములాని పెద్దక్షరాలతో వెయ్యండి.

నష్టం కూడా చెప్పాలి. ఈ అమరికలో మామూలు వెడల్పు కాలమ్స్ పదో పదకొండో మాత్రమే పడతాయి.

పాలకొల్లు అక్క

నేను మేత షాపులో లెక్కలు చూస్తాను, ఈ తమ్ముడి వీడియోలే చూసి నేర్చుకుంటున్నాను. ఫోన్ నిలువుగా డబ్బాకి ఆనించి పెట్టి, ఎదురుగా సిస్టమ్‌లో టైప్ చేసుకుంటాను. అడ్డంగా తిప్పితే జారిపోతుంది. మొన్న `=SUMIF(B:B,"చెరువు 2",D:D)` దగ్గర ఆపి, రెండు వేళ్లతో లాగి చూసినా కామాయో చుక్కో తేలలేదు. తమ్ముడూ, ఏమీ అనుకోకు, ఆ టైములో నాకు నీ మొహం అక్కర్లేదు. మొదట్లో పలకరించు, చివర్లో కనబడు. మధ్యలో ఫార్ములాకి చోటివ్వు.

అమలాపురం మాస్టారు

అక్కగారు నేర్చుకోవాలని కూర్చున్నారు కాబట్టి సరిపోయింది. ఊరికే చూద్దామని వచ్చినవాణ్ణి పది నిమిషాలు కూర్చోబెట్టేది మనిషే, గళ్ల కాగితం కాదు. సగం సగం సంగతి మాత్రం ఒప్పుకుంటున్నాను, కుదింపు లెక్క నాకు తట్టలేదు.

చెరువు లెక్కలు

మాస్టారూ, అక్కా, ఇద్దరూ నిజమే చెబుతున్నట్టుంది, అదే నా టెన్షన్. తణుకు అన్నా, విండో సన్నబరిచి చూశాను. అంకెలు హాయిగా కనబడుతున్నాయి. కానీ నా షీట్‌లో పద్దెనిమిది కాలమ్స్. తేదీ, చెరువు, మేత నంబరు, బస్తాలు, చెక్ ట్రే, ఏరేటర్ గంటలు, డీజిల్... ఇంకో బాధ: ముఖం ఫోన్‌తో విడిగా తీస్తాను. మొదట్లో పెదవులూ మాటా కలిసే ఉంటాయి, పది నిమిషాలయ్యేసరికి మాట ముందు, పెదవులు వెనక.

తణుకు టైమ్‌లైన్

మొదటినుంచీ ఒకే తేడా ఉంటే, రికార్డు మొదట్లో చప్పట్లు కొట్టి, ఆ చప్పుడు దగ్గర రెండు క్లిప్‌లూ కలిపితే పోతుంది. మీది పోనుపోను పెరుగుతోంది కాబట్టి ఫ్రేమ్‌రేట్‌ని అనుమానించాలి. చాలా ఫోన్లు సెకనుకి సరిగ్గా 30 ఫ్రేములే తియ్యవు, వెలుతురుని బట్టి ఎక్కువ తక్కువ చేస్తాయి. కొన్ని ఎడిటర్లు ఆ తేడా లెక్కలోకి తీసుకోవు. ఎడిటర్‌లో వేసే ముందు ఇది నడపండి, ఫ్రేములు సెకనుకి సరిగ్గా 30కి సర్దుకుంటాయి:

```
ffmpeg -i face.mp4 -vf fps=30 -c:a copy face30.mp4
```

ఆ తర్వాత కూడా జారితే ఆడియో వైపు చూడాలి, ఫైల్ పంపండి.

పద్దెనిమిది కాలమ్స్‌కి నా దగ్గర మంత్రం లేదు. ఆ పాఠానికి పనికిరానివి Hide చెయ్యండి. మేత చెప్పేటప్పుడు డీజిల్ ఎందుకు?

పాలకొల్లు అక్క

దాచేస్తే నా షీట్‌తో పోల్చుకోవడం కష్టం. నువ్వు G అంటావు, నాకు E తర్వాత G ఎలా వచ్చిందో అర్థం కాదు.

తణుకు టైమ్‌లైన్

అదీ నిజమే. అయితే పాఠానికని విడిగా ఏడెనిమిది కాలమ్స్‌తో చిన్న షీట్ చేసి, ఆ ఫైలే డిస్క్రిప్షన్‌లో లింకుగా పెట్టాలి.

అమలాపురం మాస్టారు

ఫార్ములా దగ్గర మొహం తీసేస్తే ఇంక మొహం ఉన్నట్టా లేనట్టా? నా ఓటు మాత్రం పట్టీకే.

చెరువు లెక్కలు

ఆయ్, మాస్టారూ. చిన్న షీట్‌తో ఒకే పాఠం రెండు రకాలుగా తీస్తాను. ఒకటి పట్టీలో ముఖంతో, రెండోది అక్క చెప్పినట్టు. ఈ వారం మా పెద్ద చెరువు పట్టుబడి ఉంది, అది అయ్యాక రెండూ ఇక్కడ పెడతాను.