టై ముడి: జారుముడా, పీటముడా?

ఓరుగల్లు చదువరి: రిసెప్షన్ కోట్లు కిరాయికిచ్చే దుకాణంల అంటించడానికి టై కట్టే పద్ధతి తెలుగుల రాస్తున్న. "ముడి వేయండి" అంటే సరిపోదు, ఏ ముడో చెప్పాలె. జారుముడి, పీటముడి రెండు మాటలున్నయి గదా, ఏది రాయాలె?

జగిత్యాల పంతులు: రెండూ కావాలె. ఫోర్-ఇన్-హ్యాండ్ అయితే జారుముడి. విండ్సర్‌ల చుట్లు ఎక్కువ, అది పీటముడి.

హన్మకొండ కత్తెర: మొదటిది నిజమే సార్, రెండోది కాదు. పీటముడి గుంజినకొద్ది బిగుస్తది, విప్పాలంటే గోళ్లు నొస్తయి. చుట్లను బట్టి ఆ పేరు రాదు. టై సన్న కొసను ఒక చేత్తో పట్టి ముడిని పైకి నెట్టి చూడండి, కాలర్ దాకా జరుగుతది. ఫోర్-ఇన్-హ్యాండ్, హాఫ్ విండ్సర్, ఫుల్ విండ్సర్ మూడూ అట్లనే జరుగుతయి. మూడూ జారుముళ్లే.

చదువరి గారూ, గోడ మీద ఒక్క ముడే రాయాలంటే ఫోర్-ఇన్-హ్యాండ్ రాయండి. వెడల్పు కొస కుడిదిక్కు, సన్న కొసకన్నా ఒక జానెడు కంటే ఎక్కువ కిందికి వేలాడాలె. వెడల్పు కొసను సన్నదాని మీదికెళ్లి ఎడమకు, కిందికెళ్లి మళ్ల కుడికి, ఇంకోసారి మీదికెళ్లి ఎడమకు తేవాలె. తర్వాత మెడ దగ్గరి సందులకెళ్లి కింది నుంచి పైకి తీసి, ముందున్న చుట్టులకు దూర్చాలె. పూర్తిగ బిగించకముందే ముడి కింద చూపుడువేలుతో బట్టను నడుమ నొక్కి, రెండు అంచులను లోపలికి మలిచి, అప్పుడు బిగించాలె. నడుమ చిన్న గుంట పడుతది. అది లేకుంటే టై పలకలెక్క చప్పగ వేలాడుతది.

మంచిర్యాల అన్న: నాది వేరే బాధ. నేను ఆరడుగులుంట, మెడ 17 అంగుళాలు. టై బెల్టు దాకా వస్తలేదు. ఏ ముడి వేసినా కాలర్ రెక్కలు లేస్తున్నయి. టైను జారుముడి అంటే ఏంది, పీటముడి అంటే ఏంది, నాకు పొడుగైతే చాలు.

హన్మకొండ కత్తెర: ఏ ముడి వేస్తున్నవే? టై ఎంత వెడల్పు?

మంచిర్యాల అన్న: ఫుల్ విండ్సర్. 9 సెంటీమీటర్లు. మందపాటి ఇక్కత్ పట్టు, చీర ముక్కతో కుట్టించిన.

హన్మకొండ కత్తెర: గిప్పుడు తెలిసింది. మామూలు టై 145 నుంచి 150 సెంటీమీటర్ల పొడుగుంటది. నీ మెడ చుట్టే ఎక్కువ బట్ట పోతది. ఫుల్ విండ్సర్ మెడ సందులకు రెండు దిక్కులా చుట్టుకుంటది, ఇంకింత తింటది. మందపు బట్టకు ఆ చుట్లన్నీ పడితే ముడి గడ్డలెక్క తయారైతది, కొసలు దగ్గరగున్న కాలర్‌ల పట్టదు, రెక్కలను పైకి నెడుతది. ఈ టైకి ఫోర్-ఇన్-హ్యాండ్ వెయ్యి. ముడి సన్నగ, కొంచెం వంకరగ వస్తది, అది తప్పు గాదు, ఆ ముడి తీరే అది. కొస బెల్టు బకిల్‌ను తాకితే సరిపోయినట్టు. అప్పటికీ చాలకుంటే ఎక్స్‌ట్రా లాంగ్ టై కొనాలె.

ఫుల్ విండ్సర్ కావాలంటే పలచని పట్టు, రెక్కలు బాగ విచ్చుకున్న కాలర్ ఉండాలె. అక్కడ సన్న ముడి వేస్తే రెండు పక్కలా ఖాళీ కనబడుతది.

ఇంకొకటి, చీర ముక్కను ఐమూలగ కోసిన్రా, నిలువుకు కోసిన్రా చూడు. ఐమూలగ కోస్తే బట్ట సాగి మళ్ల తన తీరుకొస్తది. నిలువుకు కోస్తే కట్టినంక మెలి తిరుగుతది. సన్న కొసను పట్టి వేలాడదీస్తే తిరిగిపోతున్నదా లేదా తెలుస్తది.

జగిత్యాల పంతులు: పీటముడి సంగతి ఒప్పుకున్న. మరి బో టై? అది జారదు గదా.

హన్మకొండ కత్తెర: జారదు. బూటు లేసు కట్టినట్టే రెండు మడతల ముడి. అందుకే బిగించేటప్పుడు కొసలు గుంజొద్దు, విడిపోతది. మడతలను పట్టి గుంజాలె. వెడల్పు మొఖం అంచులు దాటితే బట్ట తప్ప మనిషి కనబడడు. నిగనిగలాడే శాటిన్ రాత్రి దావత్‌కు, పగటి పెళ్లికి మెరుపు లేని నూలు బాగుంటది. టై వెడల్పు కోట్ లాపెల్‌కు, అంటే ఛాతి మీద మలిచిన పట్టీ వెడల్పుకు దగ్గరగుండాలె: 6 సెంటీమీటర్ల టైని వెడల్పు లాపెల్ మీద వేస్తే పిల్లగాని టై అడిగి తెచ్చుకున్నట్టు కొడుతది.

ఓరుగల్లు చదువరి: "జారుముడి" రాస్త. బో టైకి "పువ్వుముడి" అంటే తెలుస్తదా? ముడి కింది గుంటకు "సొట్ట" అందామనుకుంటున్న, బుగ్గ సొట్ట లెక్క.

జగిత్యాల పంతులు: సొట్ట వద్దు, మావైపు గిన్నెకు పడ్డ దెబ్బను అంటరు. "నొక్కు" రాయండి.

మంచిర్యాల అన్న: సొట్టే మంచిగున్నది సార్. కత్తెరన్నా, ఇక్కత్‌ను నిలువుకే కోసిన్రు, వేలాడదీస్తే తిరిగిపోయింది.

హన్మకొండ కత్తెర: అయితే దాన్ని విప్పి టై కుట్టించకు, ఐమూలగ తీయడానికి బట్ట చాలదు. కోటు జేబుల పెట్టుకునే రుమాలు చేయించు.