ఇంగ్లిష్ క్యారసెల్‌ని తెలుగులో పెడితే నోటీసులా అయిపోతోంది, ఎలా సరిచెయ్యాలి?

అడిగింది, బెంగళూరు మారతహళ్లి నుంచి:

నమస్కారం అండీ. మా అపార్ట్‌మెంట్‌లో పనిచేసేవాళ్లలో చాలామంది అనంతపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్లు. కిందటి నెల మా ఇస్త్రీ ఆయనకి ఎవరో ఫోన్ చేసి, "మీకు డబ్బు వేస్తున్నాం, పిన్ కొట్టండి" అన్నారట. కొట్టాడు. నాలుగు వేలు పోయాయి. ఆ తర్వాత అసోసియేషన్ వాళ్లు యూపీఐ మోసాల మీద ఇంగ్లిష్‌లో ఆరు స్లైడ్ల క్యారసెల్ చేశారు. తెలుగులో చేసే పని నాకు అప్పగించారు.

ఇంగ్లిష్‌లో ఒక్కో స్లైడ్‌కి నాలుగు నుంచి ఆరు మాటలే. "పాజ్ బిఫోర్ యు పే" మొదటిది. రెండోది "నో పిన్ టు రిసీవ్ మనీ. ఎవర్." మూడో స్లైడ్‌లో "నెవర్ షేర్ యువర్ ఓటీపీ" అని, నాలుగో దాంట్లో "నాట్ ఈవెన్ విత్ యువర్ బ్యాంక్" అని ఉంది. ఐదోది "ఫేక్ అర్జెన్సీ ఈజ్ ఎ రెడ్ ఫ్లాగ్", చివరిది "స్కామ్డ్? యాక్ట్ ఫాస్ట్. కాల్ 1930."

నేను రాసినవి ఇవి:

మీరు చెల్లించే ముందు విరామం తీసుకోండి.
డబ్బును స్వీకరించడానికి మీకు ఎప్పటికీ పిన్ అవసరం లేదు.
మీ ఓటీపీని ఎప్పుడూ పంచుకోవద్దు.
మీ బ్యాంకుతో కూడా కాదు.
నకిలీ అత్యవసరం ఒక ఎర్ర జెండా.
మోసపోయారా? వేగంగా చర్య తీసుకోండి. 1930కి కాల్ చేయండి.

తప్పేమీ కనిపించదు, కానీ చదివితే ఏమీ అనిపించడం లేదు. మా వాచ్‌మన్ అన్నకి చూపిస్తే "బాగుందమ్మా" అని ఫోన్ తిరిగిచ్చేశాడు. ఏం అర్థమైందని అడిగితే "బ్యాంకు సంగతి ఏదో" అన్నాడు.

రాజాజీనగర్ నుంచి:

అమ్మా, నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ని. మీరు మాటకి మాట పెట్టారు, అదే ఇబ్బంది. భావం పట్టుకోండి, దానికి ప్రాస కలపండి. మన చెవి ప్రాసకి అలవాటు పడింది, ఒకసారి వింటే మర్చిపోదు. ఉదాహరణకి:

పిన్ను కొట్టొద్దు, డబ్బు పోగొట్టొద్దు!

అలాగే ఓటీపీ, పిన్ అనే ఇంగ్లిష్ మాటలెందుకు? రహస్య సంఖ్య అంటే సరిపోతుంది కదా.

జయనగర్ నుంచి:

మాస్టారూ, మాటకి మాట పెట్టకూడదన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఆ ప్రాస వాడకండి, దయచేసి. పిన్ను కొట్టొద్దు అంటే రేపు కూరగాయల కొట్టు దగ్గర డబ్బు ఎలా ఇవ్వాలి? డబ్బు పంపడానికి పిన్ కొట్టాల్సిందే. రావడానికి అక్కర్లేదన్నదే మనం చెప్పాలనుకున్న సంగతి. ప్రాస కోసం "రావడానికి" అన్న మాట జారిపోయింది, దాంతో అసలు విషయమే తప్పయింది. వినడానికి బాగున్న లైన్‌లో ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే ఎవరూ దాన్ని రెండోసారి పరీక్షించరు.

పిన్ అనే మాట కూడా ఉంచాలి. ఫోన్ స్క్రీన్ మీద కనిపించేది `UPI PIN` అనే. రహస్య సంఖ్య అని చదివినవాళ్లకి, అక్కడ కొట్టే ఆ నాలుగో ఆరో అంకెలే ఇవని తట్టదు.

మారతహళ్లి అక్కా, నేను యాడ్ ఏజెన్సీల్లో తెలుగు కాపీ రాస్తాను. నేను చేసే పద్ధతి చెబుతాను. ఇంగ్లిష్ ఫైల్ మూసెయ్యండి. ఒక్కో స్లైడ్ చూసిన మనిషి తర్వాత ఏం చెయ్యాలో కాగితం మీద రాసుకోండి. తర్వాత మీ ఇస్త్రీ ఆయన ఎదురుగా ఉన్నాడనుకుని ఆ మాట పైకి అనండి. నోట్లోంచి వచ్చిందే రాయండి. మొదటి స్లైడ్ విషయంలో మీరు ఆయనతో "విరామం తీసుకోండి" అనరు. "డబ్బు పంపే ముందు ఒక్క నిమిషం" అంటారు. అదే లైన్. క్రియ కూడా అక్కర్లేదు. ఇంగ్లిష్‌లో రెండు "ప"లు కలిసి మోగుతున్నాయి, అది మనకి రాదు, రాకపోయినా నష్టం లేదు.

ఐదో స్లైడ్‌లో ఎర్ర జెండా తీసెయ్యండి. అనంతపురం మనిషికి ఎర్ర జెండా అంటే పార్టీ గుర్తొస్తుంది, ప్రమాదం గుర్తు రాదు. అసలు చెప్పాల్సింది, అవతలివాడు తొందర పెడితే లొంగొద్దని. తెలుగులో తొందరా పెడతాం, ఫోనూ పెట్టేస్తాం. కాబట్టి:

తొందర పెడుతున్నారా?
ఫోన్ పెట్టేయండి.

ఇది నేను కట్టిన ప్రాస కాదు, భాషలో ఉన్నదే. మాస్టారూ, ఇలా దానంతటదే దొరికితే తీసుకుందాం, దొరక్కపోతే వెతకొద్దు.

చివరిదాంట్లో "మోసపోయారా?" అని అడగడం నాకు నచ్చలేదు. డబ్బు పోయినవాడు అప్పటికే సిగ్గుపడుతూ ఉంటాడు, ఇంట్లో కూడా చెప్పడు. "డబ్బు పోయిందా? వెంటనే 1930." ఇక్కడ పోయింది డబ్బు, మనిషి మీద నింద లేదు. "కాల్ చేయండి" కూడా వద్దు. నంబరు చూస్తే ఏం చెయ్యాలో తెలుస్తుంది.

యలహంక నుంచి:

మా ఇంట్లో నాలుగు తరాలుగా తెలుగే మాట్లాడతాం, కానీ మాలో ఎవరికీ తెలుగు చదవడం రాదు. స్కూల్లో కన్నడ నేర్చుకున్నాం. ఈ మెసేజ్ కూడా మా అల్లుడు టైప్ చేసి పెడుతున్నాడు. క్యారసెల్ కన్నడలో పెట్టేస్తే సరిపోతుంది కదా, తెలుగు ఎందుకు?

మారతహళ్లి:

అంకుల్, మా దగ్గర పనిచేసేవాళ్లు ఈమధ్యే వచ్చారు, తెలుగు బళ్లో చదివినవాళ్లు. వాళ్లకి కన్నడ చదవడం రాదు. మీలాంటివాళ్ల కోసం తెలుగు మాటలే కన్నడ లిపిలో ఒక కాపీ చెయ్యొచ్చు, అసోసియేషన్‌లో అడుగుతాను.

జయనగర్ అన్నా, మిగతావి మార్చేశాను. మూడూ నాలుగూ మాత్రం కుదరడం లేదు. "నాట్ ఈవెన్ విత్ యువర్ బ్యాంక్" అన్నది ఎలా తిప్పినా అతకడం లేదు.

జయనగర్ నుంచి:

అతకదు, ఎందుకంటే ఇంగ్లిష్‌లో "నెవర్" ముందే వచ్చేస్తుంది, ఆ తర్వాత ఎన్ని ముక్కలైనా దానికి తగిలించుకుంటూ పోవచ్చు. మనకి వద్దు అన్న మాట చివర్లో వస్తుంది. అది పడ్డాక వాక్యం అయిపోయినట్టే. అయిపోయిన వాక్యానికి తోకలా పెట్టారు కాబట్టే "బ్యాంకుతో కూడా కాదు" గాలిలో ఉంది. ఏది కాదు? ఎవరు కాదు?

కాబట్టి రెండు స్లైడ్లనూ తారుమారు చెయ్యండి. మూడో స్లైడ్‌లో:

"బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం" అన్నా సరే...

నాలుగో స్లైడ్‌లో పెద్ద అక్షరాలతో:

ఓటీపీ చెప్పొద్దు.

చూసేవాడు "అన్నా సరే" దగ్గర ఆగలేడు, వేలు జరుపుతాడు. అందుకే స్లైడ్ స్లైడ్‌గా అనువాదం చెయ్యకూడదు. ఆరు స్లైడ్లూ ఒకేసారి ముందు పెట్టుకుని, మన వాక్యం ఎక్కడ విరగాలో మనమే చూసుకోవాలి.

"పంచుకోవద్దు" కన్నా "చెప్పొద్దు" ఎందుకంటే, ఓటీపీని ఎవరూ పంచుకోరు, ఫోన్‌లో చెబుతారు. ఇంకో లాభం కూడా ఉంది. "చెప్పకు" అంటే చిన్నవాళ్లతో అన్నట్టు, "చెప్పకండి" అంటే పెద్దవాళ్లతో. "చెప్పొద్దు" ఇద్దరికీ నడుస్తుంది, లైన్ కూడా పొట్టిగా ఉంటుంది.

రాజాజీనగర్ నుంచి:

నడుస్తుందంటే నేను ఒప్పుకోను. అరవై ఏళ్ల మనిషికి "చెప్పొద్దు" అని రాస్తే గదమాయించినట్టు ఉంటుంది. "చెప్పొద్దండీ" అనడానికి ఇంకెంత చోటు కావాలి? ప్రాస సంగతిలో మాత్రం మీరన్నది నిజమే, నేను అటు ఆలోచించలేదు.

ఎలక్ట్రానిక్ సిటీ నుంచి:

నేను డిజైన్ చేస్తాను. రెండు సంగతులు. మొదటిది, ఆ క్యారసెల్ వాట్సాప్‌లోకే వెళ్తుంది కదా? అక్కడ ఆరూ విడివిడి ఫోటోలు. ఎవరో ఒకటే ఫార్వర్డ్ చేస్తారు. మూడో స్లైడ్ ఒంటరిగా వెళ్లినా ప్రమాదం లేదు. కానీ రెండో స్లైడ్‌ని కూడా అలా విరిచి, ఒక ఫోటోలో "పిన్ కొడితే డబ్బు వస్తుంది అంటే..." అని, తర్వాతి దాంట్లో "మోసమే" అని పెట్టొద్దు. మొదటి ఫోటో ఒక్కటే వెళ్తే మోసగాడి మాట మనమే ప్రచారం చేసినట్టు అవుతుంది. పిన్ సంగతి ఒకే స్లైడ్‌లో ముగియాలి.

రెండోది అక్షరాలు. ఇంగ్లిష్ టెంప్లేట్‌లో "ఎవర్" అన్నది క్యాపిటల్ అక్షరాల్లో, వాటి మధ్య ఎడం పెంచి ఉండొచ్చు. మనకి క్యాపిటల్ అక్షరాలు లేవు, ఎడం పెంచితే అక్షరాలు విడిపోయినట్టు కనిపిస్తాయి. లెటర్ స్పేసింగ్ సున్నాకి తెండి. లైన్ల మధ్య దూరం మాత్రం పెంచాలి, లేకపోతే పై లైన్ వత్తులు కింది లైన్ గుడుల మీద పడతాయి. "పెట్టేయండి"లో ట వత్తు తెగకుండా ఉందో లేదో చూసుకోండి. ఫాంట్ రామభద్ర అయితే హెడ్డింగ్ లైన్లకి దిట్టంగా ఉంటుంది. అనెక్ తెలుగులో సన్నం నుంచి లావు దాకా ఉన్నాయి కాబట్టి ఒక్క మాటని లావు చేసి చూపించొచ్చు.

జయనగర్ నుంచి:

వాట్సాప్ సంగతి నాకు తట్టలేదు, మంచి మాట చెప్పారు. అయితే రెండో స్లైడ్ ఇలా ఉండాలి:

డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.
కొట్టమన్నారా? మోసమే.

ఇంగ్లిష్‌లో "ఎవర్" చేసే పని ఇక్కడ "మోసమే"లోని ఆ చివరి "ఏ" చేస్తుంది. "ఎప్పటికీ" అక్కర్లేదు. ముందు నేను "పిన్ కొడితే డబ్బు పోతుంది" అనుకున్నాను, కానీ బ్యాలెన్స్ చూడటానికి కూడా పిన్ కొడతాం, అప్పుడు ఏమీ పోదు. అందుకే వదిలేశాను.

మారతహళ్లి, రెండు రోజుల తర్వాత:

అందరికీ చాలా థాంక్స్ అండీ. ఆరూ మార్చి, ప్రింట్ తీసి లిఫ్ట్ పక్కన అంటించే ముందు ఇస్త్రీ ఆయనకి చూపించాను. ఈసారి అర్థమైందా అని అడగలేదు, ఇది మీ ఆవిడకి ఎలా చెబుతారని అడిగాను. "డబ్బు రావాలంటే పిన్ ఎందుకు, అడిగితే దొంగోడే అని చెప్తా" అన్నాడు. తొందర పెడితే ఫోన్ పెట్టేయాలన్నది కూడా సరిగ్గా చెప్పాడు. చివరి స్లైడ్‌లో 1930 కింద చిన్నగా `cybercrime.gov.in` కూడా వేశాను, మా వాచ్‌మన్ కొడుకు అడిగాడు కాబట్టి.

మాస్టారూ, "చెప్పొద్దండీ" కూడా రాసి చూశాను. పెద్ద అక్షరాల్లో పెడితే రెండు లైన్లవుతోంది. ప్రస్తుతానికి "చెప్పొద్దు" ఉంచాను, మీకు నచ్చదని తెలుసు.

ఒక్కటి మాత్రం మిగిలింది. ఓటీపీ స్లైడ్ చూసి మా పనావిడ అడిగింది: "మరి గ్యాస్ బండ తెచ్చే అబ్బాయికి చెప్పాల్సిందే కదమ్మా? చెప్పకపోతే బండ ఇవ్వడు." క్యాబ్ ఎక్కితే కూడా అంతే. "ఫోన్‌లో అడిగితే ఓటీపీ చెప్పొద్దు" అని మార్చాను, కానీ గ్యాస్ అబ్బాయి కూడా ఒక్కోసారి కింద గేటు దగ్గర నుంచి ఫోన్ చేసే అడుగుతాడు. ఈ తేడా ఒక్క లైన్‌లో ఎలా చెప్పాలో ఎవరికైనా తడితే రాయండి. శనివారం దాకా ఆ స్లైడ్ ప్రింట్‌కి ఇవ్వను.