కుడిచేతికి 96, కాలికి 91. గంటాగి మళ్లీ చూస్తామంటున్నారు, ఎవరికైనా ఇలా అయ్యిందా?

కొత్తనాన్న
బాబు పుట్టి 27 గంటలైంది. 2.9 కిలోలు, నార్మల్ డెలివరీ, చూడ్డానికి ఎర్రగా బాగానే ఉన్నాడు. డిశ్చార్జికి ముందు గుండెలో లోపం ఏమైనా ఉందేమోనని రక్తంలో ఆక్సిజన్ చూశారు. కుడిచేతికి 96, ఎడమకాలికి 91. సిస్టర్ ప్రోబ్ తీసి మళ్లీ చుట్టింది, అంకె మారలేదు. గంటాగి ఇంకోసారి చూస్తారట. నా సందేహాలు మూడు. ఇలా గంటసేపు ఆగొచ్చా? పాదం చల్లగా ఉంది, అందుకే తగ్గిందా? ఈలోగా పాలు పట్టొచ్చా?

చందు
అన్నా, వేలికి పెట్టుకునే క్లిప్ మిషన్ ఒకటి కొని పెట్టుకోండి. మా ఇంట్లో ఉంది. మా పాప పుట్టినప్పుడు రోజుకి నాలుగుసార్లు చూసేవాణ్ణి. ఒకసారి 84 కూడా చూపించింది, ఏమీ కాలేదు.

బయోమెడ్_రాజు
చందు గారూ, అది పెద్దవాళ్ల వేలికి చేసింది. బిడ్డ వేలు అందులో సగం కూడా నిండదు, పక్కనుంచి వెలుతురు కారిపోతుంది. అందులో 84 వచ్చినా 99 వచ్చినా అర్థం లేదు. అరచేతికో పాదానికో చుట్టే ప్రోబ్ వేరు. పన్నెండేళ్లుగా ఈ మానిటర్లు బిగిస్తున్నాను, నాకు తెలుసు.
కొత్తనాన్న గారూ, టెన్షన్ పడకండి. చెయ్యి, కాలు రెండిట్లో ఏదో ఒకచోట 95 దాటితే పాస్. మీ వాడికి చేతికి 96. కాలు చల్లగా ఉంది కాబట్టి 91 వచ్చింది, అంతే.

శారద_సిస్టర్
రాజు గారూ, ఆ రూల్ మీరు సగమే చెప్పారు. ఒకచోట 95 ఉండాలి, దానితోపాటు రెండింటికీ తేడా 3 మించకూడదు. 96కీ 91కీ తేడా 5. అది పాస్ కాదు. ఆ సగం రూల్ కూడా 2011 నాటిది. అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ ఈమధ్యే దాన్ని మార్చింది. ఇప్పుడు రెండుచోట్లా 95 ఉండాలంటున్నారు. తిరిగి చూడటం కూడా ఇదివరకు రెండుసార్లు ఉండేది, ఇప్పుడు ఒక్కసారే. ఎక్కడైనా 90 కంటే తగ్గితే తిరిగి చూడటమే లేదు, నేరుగా డాక్టర్‌ని పిలవాలి.

బయోమెడ్_రాజు
రూల్ ఎవరు రాసినా పాదం చల్లబడితే రీడింగ్ పడిపోతుంది మేడమ్. అది ఫిజిక్స్.

శారద_సిస్టర్
చల్లటి పాదానికి సిగ్నల్ పాడవుతుంది. పాడైన సిగ్నల్ ఎలా ఉంటుందో మీకే బాగా తెలియాలి. తెర మీద పల్స్ అల సన్నగా చిందరవందరగా ఉంటుంది, అంకె ఎగురుతూ ఉంటుంది, మిషన్ చూపే పల్స్ రేటు ఛాతీ మీద విన్నదానితో కలవదు. అల నిండుగా వచ్చి, పల్స్ కలిసి, అర నిమిషం పాటు 91 దగ్గరే నిలబడితే అది చలి వల్ల కాదు. ఈ బాబుకి ప్రోబ్ మార్చి చుట్టినా అదే అంకె వచ్చిందని తండ్రే రాశారుగా. సాక్స్ వేసి పాదం వెచ్చబెట్టి, బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు మళ్లీ చూడమనండి.

లక్కీఅమ్మ
ఈ పరీక్ష మీద ఎవరూ పెద్ద నమ్మకం పెట్టుకోకండి. మా వాడికి రెండోరోజు 98, 97. ఫస్ట్‌క్లాస్ అన్నారు. తొమ్మిదోరోజు పాలు వదిలేశాడు, ఒళ్లు బూడిద రంగుకి తిరిగింది, డైపర్ పొద్దుట్నుంచీ పొడిగానే ఉంది. ఆసుపత్రికి వెళ్లేసరికి ఊపిరి ఎగబీలుస్తున్నాడు. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం సన్నబడిందట, కోఆర్క్టేషన్. పాస్ అని రాసిచ్చిన కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

కళ్యాణి_అమ్మమ్మ
మాకు దీనికి తిరగబడి జరిగింది. మనవరాలికి 92, 92. తిరిగి చూస్తే 91. ఎకో తీసి గుండె నిక్షేపంలా ఉందన్నారు. ఆ ఒక్కరోజులో మా అమ్మాయి ఎంత ఏడ్చిందో! అనవసరంగా భయపెట్టారు.

చందు
మరి 91 ఎందుకొచ్చిందమ్మా?

కళ్యాణి_అమ్మమ్మ
ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ అన్నారు. ఏడురోజులు యాంటీబయాటిక్ ఎక్కించారు.

లక్కీఅమ్మ
అమ్మమ్మా, దాన్ని అనవసరం అంటారా? ఆ అంకె చూడకపోయి ఉంటే మర్నాడు ఇంటికి పంపేవాళ్లు.

కళ్యాణి_అమ్మమ్మ
ఇన్ఫెక్షన్ అయితే ఇన్ఫెక్షన్ అని చెప్పాలి. గుండె గుండె అని భయపెట్టకూడదు. ఇద్దరు పిల్లల్ని, ముగ్గురు మనవల్ని పెంచినదాన్ని, బిడ్డ ముఖం చూస్తే నాకు తెలియదా?

శారద_సిస్టర్
ముఖం చూస్తే తెలియదమ్మా. 90 దగ్గర ఉన్న బిడ్డ ఎవరి కంటికైనా ఎర్రగానే కనిపిస్తుంది, నాకైనా సరే. కంటికి నీలం కనపడాలంటే అంకె ఇంకా కిందకి దిగాలి.

బయోమెడ్_రాజు
అందరూ నా మీద పడ్డారు గానీ ఒక్కటి అడుగుతున్నా. కుడిచెయ్యే ఎందుకు? మా దగ్గర చాలాచోట్ల ఎడమచేతికే పెడతారు, ఏ తేడా రాలేదు.

శారద_సిస్టర్
తేడా రాలేదా, తేడా దాగిపోయిందా? కడుపులో ఉన్నప్పుడు ఊపిరితిత్తుల నాళానికీ, గుండె నుంచి ఒంటికి వెళ్లే పెద్ద నాళం అయోర్టాకీ మధ్య డక్ట్ అనే చిన్న దారి ఉంటుంది, పుట్టాక కొన్నిరోజుల్లో అది మూసుకుంటుంది. కుడిచేతికి వెళ్లే కొమ్మ దానికి చాలా ముందే విడిపోతుంది, అందుకే అక్కడ ఎప్పుడూ డక్ట్ కలవని రక్తమే. ఎడమచేతి కొమ్మ డక్ట్‌కి దగ్గర్లో పుడుతుంది. కొందరిలో అక్కడ రక్తం కలిసిపోతుంది. ఎడమచెయ్యీ కాలూ రెండూ 91 చూపిస్తే తేడా సున్నా అని రాసుకుంటారు.

బయోమెడ్_రాజు
రెండూ 91 అయితే ఎలాగూ ఫెయిలేగా! అంత లెక్చర్ ఎందుకు?

శారద_సిస్టర్
ఫెయిలే, ఒప్పుకుంటాను. కానీ చెయ్యి 95, కాలు 95 అని వచ్చి, కుడిచేతికి అసలు 99 ఉండి ఉంటే? ఎడమచేతితో పాస్, కుడిచేతితో ఫెయిల్.

కొత్తనాన్న
రెండోసారి చూశారు. సాక్స్ వేసి వెచ్చబెట్టాకే చూశారు. 97, 90. డాక్టర్ ఇక మూడోసారి అనలేదు. నాలుగు కాళ్లూచేతులకీ బీపీ తీశారు, కుడిచేతికి 74, కాలికి 66. గజ్జల్లో వేళ్లు పెట్టి చాలాసేపు చూశారు. ఎకో అతను వస్తున్నాడు. మా ఆవిడ పాలు పట్టొచ్చా అని అడుగుతోంది, ఎవరూ చెప్పలేదు.

చందు
ముందు ఆక్సిజన్ పెట్టించండి అన్నా! అంకె తక్కువుంటే ఆక్సిజన్ పెట్టకుండా బీపీలు తీస్తూ కూర్చోవడమేంటి?

శారద_సిస్టర్
చందూ, తొందరపడకు. ఆక్సిజన్ ఎక్కువైతే డక్ట్ మూసుకుపోవడం మొదలవుతుంది. ఈ బాబు కిందిభాగం ఆ డక్ట్ మీదే బతుకుతూ ఉంటే, అంకె పెరిగినందుకు మనం సంతోషిస్తాం, బిడ్డకి మాత్రం కష్టం. కాలికి 90 ఉన్న బిడ్డకి ఎకో అయ్యేదాకా ఆగొచ్చు. పాల సంగతి అక్కడి డాక్టర్‌నే అడగండి. ఇక్కడ నుంచి నేను చెప్పను.

కొత్తనాన్న
ఎకో అయింది. అయోర్టా వంపు తిరిగాక బాగా సన్నగా ఉందట. డక్ట్ ఇంకా తెరిచే ఉంది. నడుము కిందికి వెళ్లే రక్తంలో ఎక్కువ భాగం డక్ట్ నుంచే వెళ్తోందన్నారు. కోఆర్క్టేషన్. డక్ట్ మూసుకుపోకుండా ప్రోస్టాగ్లాండిన్ అనే మందు డ్రిప్‌లో పెట్టారు. సర్జరీ చేసే చోటికి పంపుతారట. చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే క్షమించండి.

లక్కీఅమ్మ
తమ్ముడూ, ధైర్యంగా ఉండు. నీవాడు కుప్పకూలకముందే దొరికాడు. కానీ నాకు ఒక్కటి అర్థం కావడం లేదు. జబ్బు అదే. వీళ్లకి కాలికి 90, మాకు 97. మా మిషన్ పాడైందా?

శారద_సిస్టర్
మిషన్ పాడవలేదు లక్కీఅమ్మ గారూ. మీ ఫైల్ నేను చూడలేదు కాబట్టి మామూలుగా జరిగేది చెబుతున్నాను. ఆ మిషన్ రక్తం రంగు చూస్తుంది, రక్తం ఎంత వస్తోందో చూడదు. ఈ బాబుకి ఊపిరితిత్తులకి వెళ్లాల్సిన రక్తం, ఇంకా ఆక్సిజన్ పట్టనిది, డక్ట్ గుండా కాలికి పోతోంది. అందుకే కాలు 90, చెయ్యి 97. మీ వాడికి రెండోరోజు డక్ట్ అలా పని చేసి ఉండదు. సన్నబడిన చోటు గుండా కొంచెమే వచ్చినా, వచ్చింది ఎర్రటి రక్తమే. కాబట్టి కాలికి 97. ఆ తర్వాత డక్ట్ పూర్తిగా ముడుచుకుంటే ఆ చోటు ఇంకా బిగుస్తుంది. అప్పుడు కిడ్నీకీ, పేగులకీ రక్తం సరిపోదు. డైపర్ పొడిగా ఉండటం అదే. ఈ పరీక్షకి సులువుగా చిక్కనిది కోఆర్క్టేషనే. డిశ్చార్జప్పుడు తొడల దగ్గర నాడి పట్టి చూడమనేది అందుకే.

లక్కీఅమ్మ
మాకు ఎవరూ తొడ దగ్గర నాడి చూడలేదు.

శారద_సిస్టర్
చూసినా తగిలేదేమో. డక్ట్ తెరిచి ఉన్నంతకాలం ఒక్కోసారి మంచి నాడే దొరుకుతుంది. ఈ బాబుకి కూడా బీపీ తేడా ఎనిమిదేగా.

లక్కీఅమ్మ
అంటే రెండోరోజు చెయ్యి చూసినా, కాలు చూసినా, నాడి చూసినా మాకు దొరికేది కాదంటారు. అయితే నేనెవరి మీద కోప్పడాలి? మీరే చెప్పండి.

బయోమెడ్_రాజు
శారద గారూ, తేడా విషయంలో నేను వెనక్కి తగ్గుతున్నాను. కుడి ఎడమల సంగతి మాత్రం మా ఇంజనీరుని అడిగాకే.

చందు
ఇంజనీరుని ఎందుకు, డాక్టర్‌ని అడగండి. నా క్లిప్ మిషన్ అమ్మేస్తున్నాను, ఎవరికైనా కావాలా? పెద్దవాళ్లకే.

కళ్యాణి_అమ్మమ్మ
ఇక్కడ బిడ్డ ప్రాణం గురించి మాట్లాడుతుంటే అమ్మకాలేంటయ్యా!

శారద_సిస్టర్
కొత్తనాన్నా, దారిలో ఒకటి గుర్తుంచుకోండి. ఆ మందు మీద ఉన్నప్పుడు కొంతమంది పిల్లలకి ఊపిరి మధ్యలో ఆగుతుంది. అది మందు చేసే పనే, జబ్బు ముదిరిందని కాదు. అంబులెన్సులో ఊపిరి అందించే బ్యాగ్, గొట్టం వేయగలిగే మనిషి ఉన్నారో లేదో బయల్దేరకముందే అడగండి. జ్వరం వచ్చినా, ఒళ్లు ఎర్రబడినా కూడా మందే. డ్రిప్ మాత్రం దారిలో ఆగకూడదు, రెండో సూది పెట్టి ఉంచమనండి.

కొత్తనాన్న
చేరుకున్నాం. దారిలో ఒకసారి ఊపిరి ఆగింది. మీరు ముందే చెప్పకపోయి ఉంటే నేను అక్కడే పడిపోయేవాణ్ణి. సిస్టర్ బ్యాగ్ పెట్టి నొక్కింది, కాసేపట్లో సర్దుకున్నాడు. ఇప్పుడు చెయ్యి 96, కాలు 91, యూరిన్ పోశాడు. సర్జరీ ఎల్లుండి. ఇందాక అడిగిన పాల సంగతి: ఇప్పుడు నోటికేమీ వద్దన్నారు. ఆవిడ పిండి, తేదీ రాసిన సీసాల్లో సిస్టర్ చేతికి ఇస్తోంది.