బ్యాక్‌టెస్ట్‌లో లాభం, లైవ్‌లో నష్టం: 9:20 స్ట్రాడిల్ ఆపేయాలా?

గోదారి_ట్రేడర్: నిఫ్టీలో 9:20కి ఏటీఎం కాల్, పుట్ రెండూ అమ్మి, ఒక్కో లెగ్‌కి 25 శాతం స్టాప్ లాస్ పెట్టి, 3:15కి బయటికొస్తాను. 2019–2023 బ్యాక్‌టెస్ట్‌లో, సుమారు 1,200 రోజులకి, సగటున రోజుకి 6 పాయింట్లు వచ్చాయి. 2025 సెప్టెంబరు నుంచి లైవ్‌లో 110 రోజులు నడిపితే 220 పాయింట్లు పోయాయి. స్ట్రాటజీ చచ్చిందా, నాకే టైమ్ బాలేదా?

పాత_కాపు: బ్యాక్‌టెస్ట్‌లో గరిష్ఠ డ్రాడౌన్ ఎంత? ఇప్పుడెంత?

గోదారి_ట్రేడర్: అప్పుడు 900, ఇప్పుడు 520.

పాత_కాపు: మరింకేం. 900 దాటలేదు, నడుపు.

సిద్దిపేట_శీను: నాకూ ఇదే బాధ అన్నా. మా బ్రోకర్ యాప్ పొద్దున్నే 9:20కే ఆగిపోతది.

అంకెల_పిచ్చి: కాపు గారూ, ఆ 900 ఐదేళ్లలో ఒక్కసారి వచ్చిన అంకె. స్ట్రాటజీ సత్తా పోయిందంటే రోజూ కుప్పకూలుతుందని కాదు. సగటు 6 నుంచి సున్నాకి వస్తుంది, అంతే. ఒకరోజు 50 వస్తుంది, మర్నాడు 45 పోతుంది. అలా ఏడాది గడిచినా 900 తగలకపోవచ్చు. చచ్చినదాన్ని మీ గీత పట్టుకోలేదు.

పాత_కాపు: అయితే ఏ గీత పట్టుకుంటుందో సెలవియ్యండి.

విజయవాడ_ఆప్షన్స్: 2024 అక్టోబరులో ఎస్‌టీటీ 0.0625 నుంచి 0.1 శాతానికి పెంచారు. తినేసింది అదే.

అంకెల_పిచ్చి: ప్రీమియం మొత్తం 200 అనుకుంటే పన్ను 0.2 పాయింట్. పెరిగింది 0.075. ఆరు పాయింట్లు దానివల్ల పోవు.

గోదారి గారూ, ముందు ఒక పని చేయండి. అదే బ్యాక్‌టెస్ట్ కోడ్‌ని మీరు లైవ్‌లో ఉన్న ఆ 110 రోజుల మీదే నడిపి, తేదీల వారీగా మీ నిజం ట్రేడ్ల పక్కన పెట్టండి. నిఫ్టీ ఎక్స్‌పైరీ 2025 సెప్టెంబరు నుంచి గురువారం కాదు, మంగళవారం. కోడ్‌లో అది మార్చారో లేదో చూసుకోండి.

గోదారి_ట్రేడర్: (మూడు రోజుల తర్వాత) ఎక్స్‌పైరీ సరిచేసి నడిపాను. కోడ్ ప్రకారం ఆ రోజుల్లో +180 రావాలి. నాకు −220.

అంకెల_పిచ్చి: 110 రోజులకి ఆశించింది 660. వచ్చింది −220. తేడా 880, అది రెండు ముక్కలు. 660 నుంచి 180కి పడిన 480 మార్కెట్‌ది. మీ రోజువారీ ఊగిసలాట ఎంత?

గోదారి_ట్రేడర్: స్టాండర్డ్ డీవియేషన్ 40.

అంకెల_పిచ్చి: 110 రోజులకి అది దాదాపు 420 అవుతుంది. కాబట్టి 480 దురదృష్టమే అయినా ఆశ్చర్యం లేదు. మిగతా 400 మాత్రం అదృష్టం మాట కాదు, రోజుకి 3.6 చొప్పున కారిపోతోంది. స్టాప్ లాస్ తగలని రోజుల్లో రెండు లెక్కలూ కలుస్తున్నాయా?

గోదారి_ట్రేడర్: కలుస్తున్నాయి! తగిలిన రోజుల్లోనే తేడా.

అంకెల_పిచ్చి: అదే. మీ కోడ్ సరిగ్గా 25 శాతం ధరకే బయటికొచ్చినట్టు రాసుకుంటుంది. 2021 సెప్టెంబరు నుంచి ఎన్‌ఎస్‌ఈ ఆప్షన్లలో స్టాప్ లాస్ మార్కెట్ ఆర్డర్ లేదు, లిమిట్ పెట్టాలి. వందల మంది అదే టైముకి అదే శాతం పెడితే ధర లిమిట్‌ని దాటి ఎగిరిపోతుంది. మీరు వెంటపడి కొంటారు.

పాత_కాపు: చూశారా, స్ట్రాటజీ బతికే ఉంది. నేనన్నదే!

అంకెల_పిచ్చి: బతికుందని నేనెక్కడన్నాను? 6 నుంచి సున్నాకి వచ్చిందా లేదా అని ఓ మాదిరిగా తేల్చాలన్నా ఈ ఊగిసలాటలో 180 రోజులు కావాలి. అసలు 25 శాతం ఎలా ఎంచుకున్నారు, నలభై రకాలు నడిపి బాగున్నది తీశారా? అలాగైతే ఆ 6 కూడా నిజం కాదు.

గోదారి_ట్రేడర్: ...20, 25, 30, 35, టైములు మార్చి మార్చి. నలభై కాదు గానీ ముప్పై పైనే.

పాత_కాపు: ఇలా తవ్వితే ఎవడూ ట్రేడ్ చేయడు! 2022లో మీలాంటి వాళ్ల మాట విని 600 దగ్గర ఆపేశాను. నేను ఆపిన మూడో వారం నుంచి మొత్తం తిరిగొచ్చింది. నా డబ్బు ఎవరిస్తారు?

అంకెల_పిచ్చి: నేను ఆపకుండా పద్నాలుగు నెలలు మోశాను. ఆ డబ్బూ ఎవరూ ఇవ్వలేదు. మీరు ఆపడానికి సాక్ష్యం అడుగుతున్నారు, నేను నడపడానికి అడుగుతున్నాను. మన గొడవ అదీ.

పాత_కాపు: అవును, అదే. ఆపడానికే సాక్ష్యం కావాలి.

సిద్దిపేట_శీను: మరి యాప్ సంగతి?

గోదారి_ట్రేడర్: లిమిట్ గ్యాప్ పెంచి, ఒక్క లాట్‌కి తగ్గించాను. రోజూ కోడ్ లెక్క, నా లెక్క పక్కపక్కన రాస్తున్నా. ఇరవై రోజులకి తేడా 3.6 నుంచి 1.9కి వచ్చింది. ఆ ఇరవై రోజుల్లో కోడ్‌కి కూడా నష్టమే.

పాత_కాపు: 900 దాటిందా?