కొత్త సంవత్సరం ముందు ఎవరికి వస్తుంది? క్విజ్‌లో మా పాప జవాబు తప్పన్నారు

దేవరకొండ శ్రీ
మా పాప చదివే చోట క్విజ్ పెట్టారు. "కొత్త సంవత్సరం ముందుగా వచ్చే దేశం ఏది?" అంటే పాప కిరిబాటి అని రాసింది. న్యూజిలాండ్ కరెక్ట్ అని సున్నా వేశారు. ఏది నిజం? చివరగా ఎవరికి వస్తుంది?

పాలమూరు మాస్టారు
అమ్మా, ముప్పై ఏళ్లకు పైగా భూగోళం చెప్పినవాడిని, మహబూబ్‌నగర్ జిల్లాలోనే. తేదీ మారేది 180 డిగ్రీల రేఖ దగ్గర. 1884లో వాషింగ్టన్‌లో దేశాలన్నీ కూర్చుని నిర్ణయించినది అది. ఆ రేఖకు ఇవతల ఉన్న పెద్ద దేశం న్యూజిలాండ్. క్విజ్ పెట్టినవారిది తప్పు కాదు.

మిర్యాలగూడ ఓడ మనిషి
మాస్టారూ, నమస్కారం. పదకొండేళ్లు సరుకు ఓడల్లో పనిచేశాను, పసిఫిక్ చాలాసార్లు దాటాను. పాప రాసిందే సరైనది. కిరిబాటిలో తూర్పు చివర లైన్ దీవులున్నాయి. వాటిలో పెద్దది కిరీటిమాటి, అక్కడివాళ్లు 'కిరిస్మస్' అని పలుకుతారు. వాళ్ల గడియారం గ్రీనిచ్ కంటే 14 గంటలు ముందు. మనం ఐదున్నర గంటలు ముందు. అంటే మనకు డిసెంబర్ 31 మధ్యాహ్నం మూడున్నర అయ్యేసరికి వాళ్లకు జనవరి 1 మొదలవుతుంది. న్యూజిలాండ్‌కు మన నాలుగున్నరకు వస్తుంది. గంట తేడా.

సూర్యాపేట అమ్మమ్మ
చివర అమెరికానే కదా నాయనా. మా బిడ్డ డల్లాస్‌లో ఉంటది. మనకు జనవరి 1 పొద్దున పదకొండున్నరకు వాళ్లకు కొత్త సంవత్సరం. మనవరాలు అక్కడ డిసెంబర్ 31 రాత్రి ఎనిమిదింటికి పుట్టింది. ఇక్కడ అప్పటికే జనవరి 1 పొద్దున ఏడున్నర. పుట్టినరోజు ఏ రోజు చేయాలని మా ఇంట్లో నాలుగేళ్లుగా గొడవ. జాతకం ఇక్కడి తేదీతో రాయించారు మా వియ్యంకులు.

పాలమూరు మాస్టారు
ఓడ మనిషి గారూ, అట్లాస్ తీసి చూడండి. మీ కిరీటిమాటి 157 డిగ్రీల పడమర రేఖాంశం దగ్గర ఉంది. హవాయిలోని హొనలులూ ఉన్నదీ దాదాపు అక్కడే. ఒకే నిలువు గీత మీద ఉన్న రెండు ఊళ్లలో ఒకటి అందరికంటే ముందు, ఇంకొకటి దాదాపు చివర ఎలా అవుతుంది? సూర్యుడు ఒప్పుకుంటాడా?

మిర్యాలగూడ ఓడ మనిషి
మంచి ప్రశ్న వేశారు. ఆ రెండు ఊళ్లలో గడియారం ఒక్కటే. అక్కడ అర్ధరాత్రి అయితే ఇక్కడా అర్ధరాత్రే. తేదీ పేరు మాత్రమే వేరు. కిరీటిమాటిలో జనవరి 1 అని పటాకులు కాల్చేటప్పుడు, రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు ఉత్తరాన హొనలులూలో డిసెంబర్ 31 అప్పుడే మొదలవుతుంది. సరిగ్గా 24 గంటల తర్వాత వాళ్లు పటాకులు కాలుస్తారు. సూర్యుడికి దీంతో సంబంధం లేదు.

1995 రాకముందు లైన్ దీవులు కూడా హవాయి తేదీతోనే ఉండేవి. కానీ కిరిబాటి రాజధాని తరావా అటు పక్క ఉంది. తరావాలో సోమవారం ఆఫీసు తెరిస్తే లైన్ దీవుల్లో ఇంకా ఆదివారం. దీవుల్లో శుక్రవారం అయ్యేసరికి తరావాలో శనివారం సెలవు. ఒకే దేశంలో రెండు చోట్లా ఆఫీసులు నడిచేది వారానికి నాలుగు రోజులే. అందుకని ఆ దీవులు క్యాలెండర్‌లో ఒక రోజు వదిలేసి ముందుకు దూకాయి.

వనపర్తి కుర్రాడు
2000 సంవత్సరం టూరిస్టుల కోసం చేశారని విన్నాను. కరోలిన్ దీవి పేరు కూడా మిలీనియం దీవి అని మార్చారట.

పాలమూరు మాస్టారు
అదే నేను చెప్పేది! డబ్బు కోసం తేదీని జరిపారు. రేపు ఇంకో ప్రభుత్వం ఇంకో గంట జరిపితే పిల్లలకు ఏం చెప్పాలి? 180 డిగ్రీలు అని నేను చెప్పి, పిల్లలు రాసి, మార్కులు తెచ్చుకున్నారు. ఇప్పుడు వాళ్లంతా తప్పు చదివినట్టేనా? నా ఉద్యోగం అంతా అబద్ధం చెప్పానా?

మిర్యాలగూడ ఓడ మనిషి
అబద్ధం అని ఎవరూ అనలేదు సార్. కానీ 1884లో తీర్మానించింది గ్రీనిచ్ సున్నా రేఖ గురించి. తేదీ రేఖ ఇక్కడ పోవాలని ఆ సభ గీసి ఇవ్వలేదు. దానికి ఒప్పందం ఏదీ లేదు. ఏ దేశం ఏ తేదీలో ఉండాలో ఆ దేశమే చెప్పుకుంటుంది, పటం గీసేవాళ్లు ఆ మాట ప్రకారం గీత వంచుతారు. నడిసముద్రంలో మేమూ కెప్టెన్ చెప్పినప్పుడే తేదీ మార్చుకుంటాం.

ఇక మీ న్యూజిలాండ్ సంగతే చూద్దాం. దానివే చాతం దీవులు, 176 డిగ్రీల పడమరలో ఉన్నాయి. అంటే 180 దాటి అవతల. మీ రూలు పెడితే చాతంవాళ్లు సొంత దేశంకంటే ఒక రోజు వెనక ఉండాలి. నిజానికి వాళ్లు ముప్పావు గంట ముందున్నారు, మన మూడు ముప్పావుకే వాళ్లకు కొత్త సంవత్సరం. ఫిజీలో తవేఉని దీవి మీదుగా 180 రేఖ పోతుంది. ఒకే దీవిలో ఒక ఊరికి నిన్న, పక్క ఊరికి ఇవాళ అంటే బతుకు ఎలా సాగుతుంది?

పాలమూరు మాస్టారు
కోపంగా రాశాను, క్షమించండి. చాతం సంగతి అట్లాస్‌లో చూశాను, మీరు చెప్పింది నిజమే. నా బాధ వేరే. తేదీ ప్రకృతిది అని నమ్మి చెప్పాను. మనుషులు పెట్టుకున్నది అంటే మనసు ఒప్పుకోవడం లేదు.

మిర్యాలగూడ ఓడ మనిషి
మన దగ్గర కూడా మనుషులు పెట్టుకున్నదే సార్. మన గడియారం 82న్నర డిగ్రీల రేఖది. మహబూబ్‌నగర్ 78 దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మీ ఊళ్లో అసలు అర్ధరాత్రి గడియారం కంటే 18 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నల్గొండకు 13 నిమిషాలు. ఐనా అందరం పన్నెండింటికే కేకు కోస్తాం.

అమ్మమ్మా, పాపకు పుట్టినరోజు అక్కడి సర్టిఫికెట్‌లో ఉన్న డిసెంబర్ 31. జాతకానికి చూసేది పుట్టిన క్షణం. ఆ క్షణానికి నక్షత్రం ఎక్కడ చూసినా ఒకటే. లగ్నం మాత్రం పుట్టిన ఊరిని బట్టి మారుతుంది, డల్లాస్ పేరుతో మళ్లీ వేయించండి. ఇంకో మాట, చివర డల్లాస్ కాదు. హవాయి కూడా కాదు. అమెరికన్ సమోవా, నియూ దీవులకు మన జనవరి 1 సాయంత్రం నాలుగున్నరకు వస్తుంది. మనుషులున్న చోట్లలో అదే ఆఖరు. కిరీటిమాటి నుంచి లెక్కేస్తే 25 గంటలు. ఆ తర్వాత గంటకు బేకర్, హౌలాండ్ దీవుల లెక్క వస్తుంది కానీ అక్కడ జనం ఉండరు.

వనపర్తి కుర్రాడు
సమోవా అంటే ముందు వచ్చేదే కదా అన్నా?

మిర్యాలగూడ ఓడ మనిషి
సమోవాలు రెండు తమ్ముడూ. స్వతంత్ర సమోవా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో వ్యాపారం కోసం 2011లో డిసెంబర్ 30ని వదిలేసి ఇటు వచ్చింది. అక్కడ 29 తర్వాత నేరుగా 31. పక్కనే ఉన్న అమెరికన్ సమోవా అటే ఉండిపోయింది. ఇప్పుడు రెండింటికీ గడియారం ఒకటే, తేదీ ఒక రోజు తేడా.

సూర్యాపేట అమ్మమ్మ
ఈ ముక్క మా వియ్యంకులకు పంపుతా. 31 అని నేను మొదటి నుంచీ అంటనే ఉన్న.

పాలమూరు మాస్టారు
టూరిస్టుల మాట మాత్రం నేను వదలను. నాలుగు రోజుల ఆఫీసు ఇబ్బంది నిజమే, కానీ 2000 దగ్గరపడుతుండగానే ఎందుకు గుర్తొచ్చింది? శ్రీ అమ్మా, పాపకు మార్కు ఇవ్వమని అడగండి. కావాలంటే నేను ఫోన్‌లో మాట్లాడతాను.

దేవరకొండ శ్రీ
సార్, మీరు మాట్లాడితే వింటారు. నంబర్ మెసేజ్‌లో పంపుతున్నాను. సోమవారం పదింటి తర్వాత చేయండి.