టీ కేఫ్ ఫ్రాంఛైజీ అగ్రిమెంటు: ఒక పేజీ సారాంశం సరిగ్గా రాశానా?

కాకినాడ కుర్రాడు
మా బావ భానుగుడి జంక్షన్ దగ్గర ఒక టీ కేఫ్ ఫ్రాంఛైజీ తీసుకుందామనుకుంటున్నాడు. అగ్రిమెంటు 46 పేజీలు, మొత్తం ఇంగ్లీషే. సంతకం పెట్టే ముందు తను చదివి అర్థం చేసుకునేలా నాలుగు ముక్కల్లో రాసివ్వమన్నాడు. నేను రాసింది ఇది:

ఫీజులు: ఎంట్రీ ఫీజు 4 లక్షలు, తిరిగి రాదు. డిపాజిట్ 2 లక్షలు. రాయల్టీ అమ్మకాల్లో 6 శాతం, మార్కెటింగ్‌కి 2 శాతం.
ఏరియా: 2 కిలోమీటర్ల లోపు ఇంకో షాపు ఇవ్వరు.
టార్గెట్: నెలకు సగటున 3.5 లక్షల అమ్మకం.
రద్దు: 5 ఏళ్ల అగ్రిమెంటు, 3 ఏళ్ల లాకిన్, అంటే అప్పటిదాకా మధ్యలో మానేయకూడదు. తప్పు జరిగితే 30 రోజుల నోటీసు.

ఏమైనా వదిలేశానా?

డాలస్ బాబాయి
ముందు వాళ్ల డిస్‌క్లోజర్ డాక్యుమెంట్ అడుగు బాబూ. ఇక్కడ మేము శాండ్‌విచ్ షాపు తీసుకున్నప్పుడు 23 అంశాలతో ఇచ్చారు. అది చేతికొచ్చాక 14 రోజులు గడిస్తే గాని సంతకం పెట్టించుకోకూడదు, డబ్బూ తీసుకోకూడదు. మూతపడిన షాపులెన్నో కూడా అందులో ఉంటుంది.

విజయవాడ ఆడిటర్
బాబాయిగారూ, అది అమెరికా ఫెడరల్ రూలు. మన దగ్గర ఫ్రాంఛైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. ఇక్కడ కాంట్రాక్టు చట్టమే దిక్కు, కాబట్టి కాగితం మీద ఏముందో అదే లెక్క. మూసేసిన షాపుల వివరాలు మాత్రం అడగాల్సిందే. ఇవ్వమంటే అదీ ఒక సమాధానమే.

కుర్రాడుగారూ, మీరు రాసిన నాలుగూ తప్పు కావు. కానీ ఒక్కోదాన్ని విడిగా రాశారు. డబ్బు పోయేది ఒకదాని నుంచి ఇంకోదానికి ఉన్న లింకులో. రాయల్టీ క్లాజులో "ఏది ఎక్కువైతే అది" అన్న మాట ఉందేమో చూడండి. "గ్రాస్ సేల్స్" అంటే ఏమిటో మొదట్లో నిర్వచనాల పేజీలో ఉంటుంది, అదీ చెప్పండి. టార్గెట్ అందకపోతే ఏమవుతుందో బహుశా వెనక షెడ్యూల్లో ఉంటుంది.

కాకినాడ కుర్రాడు
మీరన్నట్టే ఉంది మేడమ్. రాయల్టీ 6 శాతం లేదా నెలకు 15,000, ఏది ఎక్కువైతే అది. గ్రాస్ సేల్స్ అంటే జీఎస్టీ తీసేసి, డెలివరీ యాప్ కమిషన్ మాత్రం తీయకుండా. వరుసగా రెండు క్వార్టర్లు సగటు 3.5 లక్షలు దాటకపోతే 2 కిలోమీటర్ల హక్కు పోతుంది. అంతేకాదు, దాన్ని "మెటీరియల్ బ్రీచ్"గా, అంటే ఒప్పందాన్ని తీవ్రంగా ఉల్లంఘించినట్టుగా చూస్తారట. ఈ రకానికి 30 రోజుల గడువు వర్తించదని షెడ్యూల్ సి చివర్లో ఉంది.

విజయవాడ ఆడిటర్
అయితే ముందు ఫీజు లెక్క వేద్దాం. 15,000 అనేది 2.5 లక్షల అమ్మకానికి 6 శాతం. అంటే అమ్మకం 2.5 లక్షల కంటే తగ్గినా రాయల్టీ తగ్గదు.

నెలకు 3 లక్షలు అమ్మితే రాయల్టీ 18,000, మార్కెటింగ్ 6,000, కలిపి 24,000. దానిమీద 18 శాతం జీఎస్టీ 4,320. మొత్తం 28,320, అమ్మకంలో సుమారు 9.4 శాతం. అమ్మకం 2 లక్షలకు పడితే రాయల్టీ 15,000, మార్కెటింగ్ 4,000, జీఎస్టీ 3,420, మొత్తం 22,420. ఇది 11.2 శాతం. వ్యాపారం డల్‌గా ఉన్న నెలలోనే భారం పెరుగుతోంది, చూశారా.

ఆ జీఎస్టీని వెనక్కి తెచ్చుకోవచ్చని కంపెనీ సేల్స్‌వాళ్లు చెబుతుంటారు. కేఫ్ 5 శాతం రెస్టారెంట్ పద్ధతిలో ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. కాబట్టి అది ఖర్చే. ఎంట్రీ ఫీజుకీ అంతే: 4 లక్షలు కాదు, 4.72 లక్షలు.

గుంటూరు దోసె
నాకు ఏరియా దగ్గర దెబ్బ తగిలింది. 3 కిలోమీటర్లు ఎక్స్‌క్లూజివ్ అని రాసిచ్చారు. ఆరు నెలలకే అదే బ్రాండు పేరుతో కిలోమీటరు దూరంలో క్లౌడ్ కిచెన్ పెట్టారు. అడిగితే "అది అవుట్‌లెట్ కాదు సార్, డెలివరీ పాయింట్" అన్నారు. "అవుట్‌లెట్" అంటే కూర్చుని తినే షాపు అని నిర్వచనంలో ఉందట. యాప్‌లో నా షాపుకన్నా వాళ్లదే ముందు కనిపించేది. ఏరియా అన్నచోట దూరం కాదు, ఏవేవి అందులోకి రావో రాయండి తమ్ముడూ.

కాకినాడ కుర్రాడు
చూశానన్నా. మాదాంట్లో రైల్వే స్టేషన్, మాల్స్, కాలేజీ క్యాంటీన్లు, ఆన్‌లైన్ డెలివరీ అన్నీ మినహాయింపులే. ఆ చుట్టుపక్కల కాలేజీలే ఎక్కువ.

లా స్టూడెంట్
టెన్షన్ పడకండి బ్రో. రద్దయ్యాక 2 ఏళ్లు 5 కిలోమీటర్లలో టీ షాపు పెట్టకూడదు లాంటివి రాసినా కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 కింద చెల్లవు. లాకిన్ పెనాల్టీ కూడా సెక్షన్ 74 కింద మొత్తం ఇప్పించరు.

విజయవాడ ఆడిటర్
సగం కరెక్టు. రద్దయ్యాక పెట్టే ఆంక్షలు మామూలుగా నిలబడవు. కానీ అగ్రిమెంటు నడుస్తున్నంతకాలం పోటీ వ్యాపారం వద్దనే షరతు చెల్లుతుంది, 1995లో కోకాకోలా బాట్లింగ్ కేసులో సుప్రీంకోర్టు అదే చెప్పింది. 74 కూడా పెనాల్టీని పూర్తిగా కొట్టేయదు, రాసిన మొత్తానికి మించకుండా న్యాయమైన పరిహారం ఇప్పిస్తుంది. పైగా కంపెనీ చేతిలో 2 లక్షల డిపాజిట్ ఉంది. వాళ్లు ముందు అందులోంచి పట్టుకుంటారు, తర్వాత మీరే వెంటపడాలి. గొడవొస్తే కోర్టు బదులు తేల్చే ఆర్బిట్రేషన్ ఎక్కడ?

కాకినాడ కుర్రాడు
బెంగళూరు. ఆర్బిట్రేటర్‌ని కంపెనీయే నియమిస్తుందని ఉంది.

విజయవాడ ఆడిటర్
ఒక పక్షమే తనకిష్టమైనవాళ్లను నియమించుకోవడాన్ని కోర్టులు ఒప్పుకోవడం లేదు. అది మార్చమని అడగండి. బెంగళూరు ప్రయాణాలూ, లాయరు ఫీజూ మాత్రం సారాంశంలో ఖర్చుగా రాయాలి.

ఇప్పుడు లింకు చూద్దాం. 14వ నెలలో టార్గెట్ అందలేదని కంపెనీ రద్దు చేస్తే లాకిన్‌లో మిగిలిన 22 నెలల కనీస రాయల్టీ అడుగుతుందా? అంటే 3.3 లక్షలు. షాపు మూతపడ్డాక.

కాకినాడ కుర్రాడు
క్లాజ్ 19.4: "ఫ్రాంఛైజీ తప్పువల్ల ఎప్పుడు రద్దయినా" మిగిలిన లాకిన్ కాలానికి కనీస రాయల్టీ కట్టాలి. అంటే మనంతట మనం మానేసినప్పుడే కాదన్నమాట. ఇది బావకి చెబితే కాసేపు మాట్లాడలేదు.

మళ్లీ రాశాను, క్లాజ్ నంబర్లతో:

"6.1, 6.3: నెలకు కనీసం 15,000, పైన 2 శాతం మార్కెటింగ్, రెండింటిమీదా జీఎస్టీ, అదీ ఖర్చే. 4.2: 2 కిలోమీటర్లలో కూర్చుని తాగే షాపు ఇవ్వరు, కాలేజీలూ డెలివరీ మాత్రం ఎవరికైనా ఇస్తారు. షెడ్యూల్ సి: రెండు క్వార్టర్లు 3.5 లక్షలు అందకపోతే ఆ 4.2 హక్కూ పోతుంది, గడువు లేకుండా రద్దూ చేయొచ్చు. 19.4: అలా రద్దయితే లాకిన్‌లో మిగిలిన నెలలకు 15,000 చొప్పున కట్టమంటారు, డిపాజిట్ అందులోకి పోవచ్చు."

ఒక్క సందేహం. టార్గెట్ లెక్క అగ్రిమెంటు తేదీ నుంచి అని 8.1లో, షాపు తెరిచిన తేదీ నుంచి అని షెడ్యూల్లో ఉంది. ఇంటీరియర్ పనికే మూడు నెలలు పడుతుందట.

విజయవాడ ఆడిటర్
రెండు చోట్లా రెండు రకాలుగా ఉంటే ఏది చెల్లుతుందో చెప్పే క్లాజు ఉంటుంది, వెతకండి. అది లేకపోతే నేను తేల్చలేను. కంపెనీకి ఈమెయిల్ పెట్టండి, ఫోన్లో వద్దు. ఈమెయిల్లో ఒప్పుకున్నా సరిపోదు, అగ్రిమెంటులోనే సవరించమనండి. "ఇందులో రాసిందే ఒప్పందం, ముందు అన్న మాటలు చెల్లవు" అన్న క్లాజు దాదాపు అన్నింట్లో ఉంటుంది.

గుంటూరు దోసె
8.1తో పాటు టార్గెట్ మొదటి ఏడాది వద్దని కూడా అడగండి. నాకు ఇవ్వలేదు, మా పక్క ఊరివాళ్లకి ఇచ్చారు.

కాకినాడ కుర్రాడు
మెయిల్ పెట్టాం. తేదీ సవరిస్తామన్నారు. 19.4లో "టార్గెట్ కారణంగా రద్దయితే మినహాయింపు" అని చేర్చమంటే మాత్రం అది "స్టాండర్డ్ ఫార్మాట్" అంటున్నారు. 25,000 బుకింగ్ ఇప్పటికే కట్టేశాడు బావ. ఆ రసీదు మీద తిరిగి ఇస్తారనీ లేదు, ఇవ్వరనీ లేదు. ఎవరికైనా అలాంటి డబ్బు వెనక్కొచ్చిందా?