‘కౌంటర్ కల్చర్’కి తెలుగేమిటి? వుడ్‌స్టాక్‌ని జాతర అనొచ్చా?

అనువాదాల అక్క: అమెరికాలో 1969లో జరిగిన వుడ్‌స్టాక్ రాక్ ఫెస్టివల్ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. కౌంటర్ కల్చర్ అన్నచోట ‘ప్రతి సంస్కృతి’ అని రాశాను. సరిపోతుందా? ఫెస్టివల్‌కి ‘జాతర’ అనుకుంటున్నాను.

బందరు బాబాయ్: కౌంటర్ అంటే టికెట్లమ్మే కౌంటరేగా? మా అమ్మాయి కాలేజీ ఫెస్ట్‌లో లోపలికి ఒక టికెట్, స్టేజి దగ్గర నిలబడాలంటే ఇంకో టికెట్. అదీ కౌంటర్ కల్చర్ అంటే!

పాత పుస్తకాల మాస్టారు: అది కాదు బాబాయ్, ఎదురు తిరిగిన సంస్కృతి అని. అమ్మా, మధ్యలో ఖాళీ వదిలితే ‘ఒక్కో సంస్కృతి’ అనే అర్థం వస్తుంది. ప్రతిపక్షంలాగా కలిపి రాయండి. జాతర మాత్రం బాగుంది. జాతరకి టికెట్ ఉండదు, వుడ్‌స్టాక్‌కీ లేదు.

గిటార్ తమ్ముడు: మాస్టారూ, సగమే కరెక్ట్. టికెట్ ఉంది. మూడు రోజులకి ముందస్తుగా 18 డాలర్లు. సుమారు 1,86,000 టికెట్లు ముందే అమ్ముడుపోయాయి కూడా. అది పెట్టుబడి పెట్టి మొదలుపెట్టిన వ్యాపారమే. అనుకున్న ఊళ్ళో అనుమతి దొరక్క, నెల రోజుల ముందు బెతెల్‌లోని మ్యాక్స్ యాస్గర్ అనే పాడి రైతు పొలానికి మార్చారు. స్టేజి కట్టాలా, కంచె వేయాలా అంటే రెండింటికీ టైమ్ చాల్లేదు. స్టేజి లేకపోతే వచ్చిన జనం ఊరుకోరు కదా, అందుకని స్టేజికే మొగ్గు చూపారు. జనం వేల మంది ముందే దిగిపోయారు, కంచె పూర్తి కాలేదు, టికెట్ బూత్‌లు సిద్ధం కాలేదు. అందుకే ‘ఫ్రీ’ అని ప్రకటించారు. నాలుగు లక్షలు దాటారంటారు. నిర్వాహకులు అప్పుల్లో మునిగితే, సినిమా, రికార్డుల డబ్బు ఆదుకుంది.

బందరు బాబాయ్: చూశారా, కౌంటర్ లేకపోవడం వల్లే కౌంటర్ కల్చర్ అయింది. నేను ముందే చెప్పాను.

గిటార్ తమ్ముడు: 😀 మీరు అనుకోకుండా అసలు చోట వేలు పెట్టారు. అందులో ఒక నిర్వాహకుడు, మైకేల్ లాంగ్, 1999లో పాత వైమానిక స్థావరంలో వుడ్‌స్టాక్ మళ్ళీ పెట్టాడు. ఈసారి కంచెకి లోటు లేదు. ఎత్తైన చెక్క గోడ కట్టి, దానిమీద శాంతి బొమ్మలు వేయించారు. మండుటెండ, కింద తారు. బయటి నీళ్ళు గేటు దగ్గర తీసేసుకున్నారు, లోపల సీసా 4 డాలర్లు. చివరి రాత్రి జనం ఆ చెక్కలే పీకి మంటల్లో వేశారు.

పాత పుస్తకాల మాస్టారు: ఒప్పుకుంటున్నాను. కానీ మన జాతరలో కూడా కొబ్బరికాయ ధర పెరుగుతుంది, జెయింట్ వీల్‌కి వేలం పాట పాడతారు. వ్యాపారం ఉందని జాతర కాకుండా పోతుందా?

గిటార్ తమ్ముడు: కాదు. అక్కడ అంగళ్ళవాళ్ళు వేరు, అమ్మవారు వేరు. ఇక్కడ గేటూ నీళ్ళూ పాటా ఒకరి చేతిలోనే.

అనువాదాల అక్క: అయితే 1969కి జాతర, 1999కి మేళా?

పాత పుస్తకాల మాస్టారు: మేళా అంటే నాకు లోన్ మేళాయే గుర్తొస్తుందమ్మా.

అనువాదాల అక్క: ప్రస్తుతానికి రెండుచోట్లా ‘రాక్ ఫెస్టివల్’ అనే ఉంచుతున్నాను. ‘ప్రతిసంస్కృతి’ని కలిపి రాసేశాను గానీ, పైకి చదివితే ఇప్పటికీ ‘ఒక్కో సంస్కృతి’ అనే వినిపిస్తోంది. ‘ధిక్కార సంస్కృతి’ అంటే మరీ నినాదంలా ఉంటుందా?